చిత్రం చెప్పలేనిదే చిత్రం కింద రాయాలి

తుప్పు రంగు మచ్చలున్న వరి ఆకు ఛాయాచిత్రాన్ని అచ్చువేసి, దాని కింద "జింకు లోపం వల్ల తుప్పు రంగు మచ్చలు ఏర్పడిన వరి ఆకు" అని రాయడం మన విస్తరణ సాహిత్యంలో పరిపాటి. ఈ వాక్యంలో రెండు భాగాలున్నాయి. వరి ఆకు, తుప్పు రంగు మచ్చలు అనేవి చిత్రంలోనే కనిపిస్తున్నాయి కనుక వాటిని మళ్లీ చెప్పడం వల్ల పాఠకునికి కొత్తగా తెలిసేదేమీ లేదు. జింకు లోపం అనేది కనిపించే విషయం కాదు. అది ఒక తీర్పు. ఆ తీర్పుకు ఆధారమేమిటో చిత్రంలోనూ లేదు, వాక్యంలోనూ లేదు. అంటే అవసరం లేని సగం ఉన్నది, అవసరమైన సగానికి ఆధారం లేదు.

క్యాప్షన్ అంటే చిత్రంలో కనిపించేదాన్ని మాటల్లో తిరిగి చెప్పడం కాదనీ, చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా చెప్పలేని సంగతులను చేర్చడమనీ నా అభిప్రాయం. చూపు లేనివారికోసం, చిత్రం తెరపైకి రాని సందర్భాలకోసం రాసే ప్రత్యామ్నాయ పాఠానిది, అంటే ఆల్ట్ టెక్స్ట్‌ది, దీనికి సరిగ్గా ఎదురు పని. అది చిత్రంలో కనిపించేదాన్నే చెప్పాలి. ఈ రెండు పనులనూ వేరుచేసి చూడనంతకాలం ఒకే వాక్యాన్ని రెండు చోట్లా అతికించడం జరుగుతూనే ఉంటుంది. ధాతు లోపాల చిత్రాలను ఆధారంగా తీసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం. ఎందుకంటే క్యాప్షన్‌లోని లోటు పొలంలో ఖర్చుగా మారేది ఎక్కువగా ఇక్కడే.

ఖైరా నేర్పిన పాఠం

ఉత్తర భారతంలోని తరాయి ప్రాంతపు వరి మళ్లలో కనిపించిన ఒక సమస్యకు ఖైరా అనే పేరు వచ్చింది. హిందీలో ఖైరా అంటే కాచు వంటి గోధుమ రంగు. ఆకు ఏ రంగుకు మారిందో ఆ రంగే సమస్యకు పేరైంది. దానిని ఖైరా వ్యాధి అని వ్యవహరించారు. దానికి కారణం జింకు లోపమని పంత్‌నగర్‌లో పనిచేసిన డా. వై.ఎల్. నేనే 1966లో వెల్లడించారు. ఆయన మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త కావడం గమనించదగిన విషయం.

ఖైరా అనే పేరు ఒక విధంగా చిత్రాన్ని తిరిగి చెప్పే క్యాప్షన్ వంటిదే. కంటికి కనిపించిన రంగును అది నమోదు చేసింది, కారణం గురించి ఏమీ చెప్పలేదు. ఆ ఆకుల ఛాయాచిత్రాన్ని ఎంతసేపు పరిశీలించినా రోగకారకం లేదన్న సంగతి గాని, నేలలో జింకు అందుబాటులో లేదన్న సంగతి గాని బయటపడదు. ఆకు రంగుకూ దాని కారణానికీ మధ్య ఉన్న దూరాన్ని చిత్రం దాటలేదు. ఆ దూరాన్ని దాటించే సమాచారం మడిలో, ప్రయోగశాలలో, రచయిత నోటుపుస్తకంలో ఉంటుంది. దానిని చిత్రం కిందికి తీసుకురావడమే సంపాదకుని పని.

దగ్గరి చిత్రం పోగొట్టేది

లక్షణాలను చూపే ఛాయాచిత్రాల్లో అధికభాగం దగ్గర నుండి తీసినవి. ఒక్క ఆకు చట్రమంతా నిండి ఉంటుంది. మచ్చలు చక్కగా కనిపిస్తాయి. కాని ఆ ఆకు మొక్కపై ఎక్కడిదన్న సంగతి మాత్రం పోతుంది. పోషక లోపాలను గుర్తించడంలో మొదట చూడవలసినది అదే.

నత్రజని మొక్కలో సులభంగా కదులుతుంది. కొరత ఏర్పడినప్పుడు మొక్క దానిని ముదురు ఆకుల నుండి లేత ఆకులకు తరలిస్తుంది కనుక కింది ఆకులు ముందుగా పసుపుబారతాయి. ఇనుము అలా తరలదు కనుక దాని లోపం లేత ఆకులపై ముందుగా కనిపిస్తుంది. వేరుశనగలో పసుపుబారిన ఒక ఆకును తుంచి, తెల్ల కాగితంపై పెట్టి ఫొటో తీశామనుకోండి. ఈనెలు ఇంకా పచ్చగా ఉంటే ఇనుము లోపాన్ని ఊహించవచ్చు. లోపం ముదిరి ఈనెలు కూడా పాలిపోయిన తరువాత ఆ చిత్రాన్ని చూసి నత్రజని లోపమా, ఇనుము లోపమా అని తేల్చడం అనుభవజ్ఞులకు కూడా కష్టమే. "కొమ్మ చివరి లేత ఆకు" అనే నాలుగు మాటలు క్యాప్షన్‌లో ఉంటే ఆ సందేహం చాలావరకు తీరుతుంది. ఆ నాలుగు మాటలు లేక యూరియా వేసిన రైతుకు ఎరువు ఖర్చు మిగులుతుంది, సున్నపు నేలలోని ఇనుము సమస్య అలాగే ఉంటుంది.

ఆకు స్థానాన్ని రాయడంలో మరొక లాభం కూడా ఉన్నది. పత్రిక నలుపు తెలుపుల్లో అచ్చయినప్పుడు పసుపు, నారింజ, లేత ఆకుపచ్చ రంగులు ఒకే బూడిద రంగుగా మారుతాయి. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా గుర్తించలేని పాఠకులు కూడా మనలో ఉన్నారు. రంగు మీద మాత్రమే ఆధారపడిన క్యాప్షన్ వీరికి ఉపయోగపడదు. స్థానం, ఆకారం, మచ్చలు మొదలైన చోటు అనేవి రంగు పోయినా నిలుస్తాయి.

ఒక క్యాప్షన్‌ను సరిదిద్దే క్రమం

మొదట చెప్పిన వరి ఆకు చిత్రాన్నే తీసుకుందాం. రచయిత పంపిన క్యాప్షన్ ఇది: "చిత్రం 2. జింకు లోపం వల్ల తుప్పు రంగు మచ్చలు ఏర్పడిన వరి ఆకు."

సంపాదకుడు మొదట చిత్రాన్ని చూస్తూ, అందులో కనిపించే మాటలన్నింటినీ క్యాప్షన్ నుండి కొట్టివేయాలి. వరి ఆకు, తుప్పు రంగు, మచ్చలు అన్నీ పోతాయి. "జింకు లోపం" ఒక్కటే మిగులుతుంది. క్యాప్షన్ నిజంగా ఎంత సమాచారం ఇస్తున్నదో ఈ కొట్టివేతతోనే తేలుతుంది.

ఆ తరువాత రచయితను నాలుగు ప్రశ్నలు అడగాలి. ఇది మొక్కపై ఎన్నవ ఆకు, నాటిన ఎన్ని రోజులకు తీసిన చిత్రం? మడి ఎటువంటిది? జింకు లోపమని ఎలా నిర్ధారించారు? చూసేవారు దీనిని దేనితో పొరబడే అవకాశం ఉన్నది?

ఈ ప్రశ్నల్లో ఒక్కొక్కదానికి ఒక్కొక్క కారణం ఉన్నది. వరిలో జింకు లోప లక్షణాలు సాధారణంగా నాటిన రెండు నుండి నాలుగు వారాల్లో బయటపడతాయి. పై నుండి మూడు, నాలుగు ఆకుల్లో మధ్య ఈనె పాలిపోయి, దానికి ఇరుపక్కలా తుప్పు లేక ఇటుక రంగు మచ్చలు ఏర్పడతాయి. ఆకులు పెళుసుగా తయారై, వంచగానే శబ్దం చేస్తూ విరుగుతాయి. మొక్కలు గిడసబారి, పిలకలు సరిగా వేయవు. ఇందులో విరిగే శబ్దాన్ని ఏ ఛాయాచిత్రమూ చూపలేదు. అయినా పొలంలో నిలబడిన విస్తరణాధికారికి అది చాలా పనికివచ్చే గుర్తు. ఉదజని సూచిక ఎక్కువగా ఉన్న నేలల్లో, సున్నం ఉన్న నేలల్లో, ఎక్కువకాలం నీరు నిలిచే మళ్లలో ఈ లోపానికి అవకాశం ఎక్కువ కనుక మడి స్వభావం చెప్పడం కూడా నిర్ధారణలో భాగమే.

రచయిత నుండి ఈ సమాధానాలు వచ్చాయనుకుందాం: నాటిన 25 రోజులు, పై నుండి మూడవ ఆకు, సున్నపు నల్లరేగడి, డిటిపిఎ పద్ధతిలో నేల పరీక్ష చేయగా లభ్య జింకు 0.4 పి.పి.యం.; అదే మడిలో కొంత భాగానికి జింకు సల్ఫేటు పిచికారి చేయగా కొత్త ఆకులు మామూలుగా వచ్చాయి. ఈ పద్ధతిలో 0.6 పి.పి.యం.ను సందిగ్ధ స్థాయిగా మన దేశంలో విరివిగా వాడుతున్నాము కనుక ఈ నేలలో లోపానికి అవకాశం ఉన్నట్టే. అయితే నేలలో జింకు తక్కువ ఉన్నంత మాత్రాన ఆకుపై మచ్చలు దానివల్లనే వచ్చాయని తేలదు. పిచికారి చేసిన భాగం తేరుకొని, చేయని భాగం తేరుకోకపోవడం అంతకంటే బలమైన సాక్ష్యం. ఈ రెండూ కలిసినప్పుడు తీర్పు నిలబడుతుంది.

ఇక పొరబడే అవకాశం గురించి చూద్దాం. ఇనుము విషప్రభావం వల్ల కూడా వరి ఆకులపై గోధుమ రంగు చుక్కలు వస్తాయి. కాని అది ప్రధానంగా ఆమ్ల నేలల సమస్య. సున్నపు నల్లరేగడి మడిలో తీసిన చిత్రం కింద దానిని ప్రస్తావించడం క్యాప్షన్‌ను బరువెక్కించడమే అవుతుంది. ఇక్కడ ఎక్కువగా అవసరమయ్యేది టుంగ్రో వైరస్‌తో ఉన్న తేడా. ఆ తెగులులోనూ మొక్క గిడసబారుతుంది, పిలకలు తగ్గుతాయి. పసుపు, నారింజ రంగు అందులో ఆకు కొన నుండి మొదలవుతుంది. దానిని వ్యాప్తి చేసేది పచ్చ దీపపు పురుగు. జింకు లోపాన్ని టుంగ్రోగా భావిస్తే రైతు పురుగుమందు కొంటాడు. టుంగ్రోను జింకు లోపంగా భావిస్తే, జింకు చల్లి ఎదురుచూసే రోజుల్లో తెగులు పక్క మళ్లకు పోతుంది. ఏ పోలికను క్యాప్షన్‌లో చేర్చాలన్నది అందువల్ల ఆ నేలను, ఆ ప్రాంతాన్ని, ఆ దశను బట్టి నిర్ణయించాలి. పోలికలన్నింటినీ పట్టికగా చేర్చడం వ్యాసం పని. అతి ప్రమాదకరమైన ఒక్క పోలికను చెప్పడం క్యాప్షన్ పని.

ఇప్పుడు క్యాప్షన్ ఇలా మారుతుంది:

"చిత్రం 2. వరిలో జింకు లోపం: నాటిన 25 రోజులకు, పై నుండి మూడవ ఆకు. సున్నపు నల్లరేగడి మడి. లభ్య జింకు 0.4 పి.పి.యం. ఆకును వంచితే పెళుసుగా విరుగుతుంది. టుంగ్రోలో వలె రంగు మార్పు కొన నుండి మొదలు కాలేదు. ఇదే మడిలో జింకు సల్ఫేటు పిచికారి చేసిన భాగంలో కొత్త ఆకులు మామూలుగా వచ్చాయి."

మొదటి క్యాప్షన్ కంటే ఇది చాలా పెద్దదే. కాని ఇందులో చిత్రం తనంతట తాను చెప్పగలిగిన వాక్యం ఒక్కటి కూడా లేదు. మోతాదును ఇందులో చేర్చలేదన్నది కూడా గమనించాలి. మోతాదు నేలను బట్టి మారుతుంది; నిర్ధారణ తరువాతి మెట్టు అది. చిత్రం పక్కనే మోతాదు ఉంటే, పోలిక చూసుకొని నేరుగా మందు కొనే అలవాటును మనమే ప్రోత్సహించినట్టవుతుంది. దాని స్థానం వ్యాసంలోనే.

ప్రత్యామ్నాయ పాఠం వేరు

చిత్రాన్ని చూడలేని పాఠకుడు తెరపై పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను వాడతాడు. కంప్యూటరులో ఎన్‌విడిఎ, ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అటువంటివి. ఇవి చిత్రం దగ్గరకు రాగానే ప్రత్యామ్నాయ పాఠాన్ని చదువుతాయి, తరువాత క్యాప్షన్‌ను కూడా చదువుతాయి. రెండింటిలోనూ ఒకే వాక్యం ఉంటే ఆ పాఠకుడు దానిని రెండుసార్లు వింటాడు. చిత్రంలో ఏమున్నదో మాత్రం ఒక్కసారి కూడా వినడు. సిగ్నల్ బలహీనంగా ఉండి చిత్రం తెరుచుకోని గ్రామంలో కూడా బ్రౌజరు చిత్రం స్థానంలో ఈ పాఠాన్నే చూపుతుంది. చిత్రానికి శీర్షికగా గాని వివరణగా గాని పనికివచ్చే పాఠాన్ని ఇందులో పెట్టరాదనీ, చిత్రం లేనప్పుడు దాని స్థానంలో నిలబడే పాఠమే ఉండాలనీ హెచ్‌టిఎమ్‌ఎల్ ప్రమాణమే చెబుతున్నది.

కనుక క్యాప్షన్ నుండి మనం కొట్టివేసిన మాటలకు సరైన స్థానం ఇదే. తుప్పు రంగు, మచ్చలు, ఈనె అన్నీ ఇక్కడికి వస్తాయి, ఇంకా వివరంగా వస్తాయి. పై చిత్రానికి రెండు పాఠాలూ పక్కపక్కన ఇలా ఉంటాయి:

```html
<figure lang="te">
  <img src="vari-zinc.jpg"
   alt="దగ్గరగా తీసిన ఒక వరి ఆకు. మధ్య ఈనె
   పాలిపోయింది. దానికి ఇరుపక్కలా ఆవగింజంత తుప్పు
   రంగు మచ్చలు, కొన్ని కలిసిపోయి చారలుగా ఉన్నాయి.
   ఆకు కొన, అంచులు ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయి.">
  <figcaption>చిత్రం 2. వరిలో జింకు లోపం: నాటిన
   25 రోజులకు, పై నుండి మూడవ ఆకు...</figcaption>
</figure>
```

ప్రత్యామ్నాయ పాఠంలో జింకు అనే మాట లేదు. కంటికి కనిపించనిది అందులో ఉండరాదు. తీర్పు, దాని ఆధారాలు క్యాప్షన్‌లో ఉన్నాయి కనుక అవి అందరికీ సమానంగా అందుతాయి. కొన పచ్చగా ఉన్నదన్న వాక్యం మాత్రం కావాలనే చేర్చినది. టుంగ్రో కాదని క్యాప్షన్ చేసే వాదనకు చిత్రంలోని సాక్ష్యం అదే. చూపున్న పాఠకుడు క్యాప్షన్ చదివి కొనను చూసి సరిచూసుకుంటాడు. చూపు లేని పాఠకునికి కూడా ఆ అవకాశం ఉండాలి. చిత్రంలోని అన్ని వివరాలనూ వర్ణించనక్కరలేదు, వాదనకు అవసరమైన వివరాలను మాత్రం వదలరాదు. ఈ ఎంపిక చేయగలిగినవాడు వ్యాస రచయితే కనుక ఈ పాఠాన్ని కంప్యూటరు విభాగానికి వదిలివేయడం సరికాదు.

కొన్ని చిన్న విషయాల వల్ల ఈ శ్రమ అంతా వృథా కావచ్చు. సాఫ్ట్‌వేర్ అది చిత్రమని తానే ప్రకటిస్తుంది కనుక "ఈ చిత్రంలో" అని మొదలుపెట్టనక్కరలేదు. పాఠం తెలుగని `lang="te"` ద్వారా తెలియజేయకపోతే, తెలుగు అక్షరాలను ఆంగ్ల స్వరంతో చదవబోయి తడబడే ప్రమాదం ఉన్నది. అలంకారానికి పెట్టిన గీత, చిహ్నం వంటి వాటికి `alt=""` అని ఖాళీగా ఉంచాలి. అసలు `alt` రాయకుండా వదిలితే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫైలు పేరును అక్షరం అక్షరంగా వినిపిస్తాయి. వర్డ్‌లో వ్యాసం తయారుచేసేవారు చిత్రంపై కుడి క్లిక్ చేస్తే కనిపించే `Alt Text` పెట్టెలో దీనిని రాయవచ్చు. తరువాత పిడిఎఫ్‌గా మార్చేటప్పుడు సేవ్ చేసే మార్గాన్నే వాడి, `Document structure tags for accessibility` అన్న ఎంపిక గుర్తించి ఉన్నదో లేదో చూడాలి. ప్రింట్ ద్వారా పిడిఎఫ్ తయారుచేస్తే రాసిన పాఠం సాధారణంగా అందులోకి రాదు. సరిచూసే ఉపాయం సులభమే: తయారైన ఫైలును ఎన్‌విడిఎతో తెరిచి, కళ్లు మూసుకొని వినడం.

గ్రాఫులు, కొలతలు

పరిశోధనా వ్యాసాల్లో ఈ పునరుక్తి గ్రాఫుల కింద మరింత ఎక్కువ. అడ్డగీత కింద "నత్రజని, కిలోలు/హెక్టారు" అనీ, నిలువుగీత పక్కన "గింజ దిగుబడి" అనీ ఉన్న గ్రాఫు కింద "వివిధ నత్రజని మోతాదుల వద్ద గింజ దిగుబడి" అని రాస్తాము. గీతల పేర్లనే కలిపి ఒక వాక్యం చేశామన్నమాట. అదే గ్రాఫులో ప్రతి బిందువుపై నిలబడిన చిన్న నిలువు గీతలు దేనిని సూచిస్తున్నాయో మాత్రం రాయము. అవి ప్రామాణిక విచలనమా, ప్రామాణిక దోషమా? నాలుగు రెప్లికేషన్ల సగటుకు ప్రామాణిక దోషం, ప్రామాణిక విచలనంలో సగమే. అంటే ఒకే దత్తాంశం ఒక గ్రాఫులో రెట్టింపు పొడవు గీతలతో, మరొక గ్రాఫులో సగం పొడవు గీతలతో కనిపిస్తుంది. రెండు మోతాదుల మధ్య తేడా నమ్మదగినదా కాదా అన్న పాఠకుని అంచనా ఆ గీతలపైనే ఆధారపడి ఉంటుంది. ఏ ఋతువు, ఏ రకం, ఎన్ని రెప్లికేషన్లు, గీతలు దేనిని సూచిస్తాయి అన్నవి క్యాప్షన్‌లో ఉండాలి. దిగుబడి ఎంతవరకు పెరిగి ఎక్కడ నిలిచిపోయిందన్న వర్ణన ప్రత్యామ్నాయ పాఠంలో ఉండాలి. అంకెలన్నీ అక్కడ చదివించడం కంటే వాటిని పట్టికగా ఇవ్వడం మేలు. పట్టికను ఆ సాఫ్ట్‌వేర్లు గడి గడిగా చదవగలవు.

పురుగుల చిత్రాల కింద కనిపించే "పది రెట్లు పెద్దది చేయబడినది" అన్న మాట గురించి కూడా చెప్పాలి. అది అచ్చులో ఒక నిర్ణీత పరిమాణానికి మాత్రమే నిజం. అదే చిత్రం ఫోను తెరపై చిన్నదై, తరగతి గది గోడపై పెద్దదై కనిపించినప్పుడు ఆ మాట అబద్ధమవుతుంది. చిత్రంలోనే ఒక కొలత గీతను గీసి, క్యాప్షన్‌లో "గీత పొడవు 1 మి.మీ." అని రాస్తే చిత్రం ఎంత పెరిగినా, తగ్గినా ఆ గీత కూడా దానితో పాటే మారుతుంది. చూపు లేని పాఠకుని కోసం పురుగు పొడవును అంకెల్లోనే ప్రత్యామ్నాయ పాఠంలో చెప్పాలి.

స్థలం చాలదనే వాదన

ఇంత పొడవైన క్యాప్షన్లకు పేజీలో చోటెక్కడిదన్న అభ్యంతరం సహజం. అందులో నిజం ఉన్నది, ముఖ్యంగా కరపత్రాల విషయంలో. కాని మన వ్యాసాల్లో ఒకే లోపానికి మూడు నాలుగు చిత్రాలు వేసి, అన్నింటి కిందా దాదాపు ఒకే మాట రాయడం కూడా చూస్తున్నాము. వాటిలో రెండింటిని తీసివేస్తే మిగిలిన రెండింటికి పూర్తి క్యాప్షన్లకు కావలసిన చోటు దొరుకుతుంది. ఆ రెండింటిలో ఒకటి మొక్క అంతా కనిపించే చిత్రమైతే ఆకు స్థానం గురించి క్యాప్షన్‌లో రాయవలసిన మాట కూడా తగ్గుతుంది.

చిత్రాలు పత్రిక నుండి విడిపోయి వాట్సాప్ గుంపుల్లో తిరుగుతాయి, అప్పుడు క్యాప్షన్ ఎలాగూ పోతుందన్నది మరొక వాదన. ఈ కారణంతో పాఠాన్నంతా చిత్రంపైనే ముద్రించడం ఒక అలవాటుగా మారింది. చిత్రంలో కలిసిపోయిన అక్షరాలు చిన్న తెరపై చదవడానికి కష్టం. సాఫ్ట్‌వేరుకు అవి అక్షరాలుగా అందకపోవచ్చు. పంట పేరు, దశ, ఆకు స్థానం అనే మూడింటిని మాత్రం చిత్రం మూలలో ఉంచి, పూర్తి క్యాప్షన్‌ను చిత్రంతో పాటు సందేశంగా జతచేయడం మధ్యేమార్గం. చిత్రం ఒంటరిగా మిగిలినా ఆ మూడు మాటలు నిలుస్తాయి.

అన్నింటికంటే గట్టి అభ్యంతరం వేరే ఉన్నది. పై నాలుగు ప్రశ్నలకు చాలామంది రచయితల దగ్గర సమాధానాలు ఉండవు. చిత్రం ఎప్పుడో తీసినది, లేదా మరొకరి దగ్గర తీసుకున్నది. నేల పరీక్ష జరగలేదు. ఎన్నవ ఆకో గుర్తులేదు. అటువంటి చిత్రాన్ని ఏం చేయాలి? దానిని తప్పనిసరిగా తొలగించాలని నేను అనడం లేదు. తెలిసినంతే రాయాలంటున్నాను. "జింకు లోపాన్ని పోలిన లక్షణాలు, నేల పరీక్ష గాని, పిచికారి పరీక్ష గాని జరగలేదు" అన్నది నిజాయితీ గల క్యాప్షన్. అది చదివిన విస్తరణ శాస్త్రవేత్త ఆ చిత్రాన్ని నిర్ధారణకు వాడడు, అనుమానానికి మాత్రమే వాడతాడు. వాడవలసినది కూడా అంతవరకే.

కనుక పత్రికకు చిత్రం పంపే ప్రతి రచయిత దానితో పాటు తేదీ, ఊరు, పంట దశ, ఆకు లేక భాగం స్థానం, నిర్ధారణ పద్ధతి, చిత్రం తీసినవారి పేరు ఒక చిన్న పత్రంలో ఇవ్వాలనీ, క్యాప్షన్‌ను, ప్రత్యామ్నాయ పాఠాన్ని రెండు వేర్వేరు పేరాలుగా రాయాలనీ సంపాదక వర్గం నియమం పెట్టాలని నా సూచన. స్నాతకోత్తర విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలకు కూడా ఇదే వర్తించాలి. ఈ పత్రాన్ని ఆఫీసు గదిలో కూర్చుని నింపడం సాధ్యం కాదు. ఫొటో తీసిన రోజునే, మడి గట్టు మీదనే నింపాలి. ఆకును తుంచే ముందు అది పై నుండి ఎన్నవదో లెక్కపెట్టే అలవాటు విద్యార్థికి అబ్బితే మంచి క్యాప్షన్‌లో సగం అక్కడే పూర్తయినట్టు.